రెండు లక్షల అద్దె మినహాయింపు, చేతికొచ్చేది 3,880 రూపాయలు

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. నెలకు బేసిక్ 60,000, హెచ్‌ఆర్‌ఏ 30,000, స్పెషల్ అలవెన్సు 40,000. డీఏ లేదు. 2025 ఏప్రిల్, మే నెలల్లో అన్నయ్యవాళ్ల ఇంట్లోనే ఉన్నాం. జూన్ నుంచి అద్దింట్లో ఉంటున్నాం. అద్దె 26,000, మెయింటెనెన్స్ 2,500. జూన్ అద్దె నగదుగా ఇచ్చాను, మిగతావన్నీ బ్యాంకు నుంచే పంపాను. ఇంటాయన పాన్ ఇవ్వనంటున్నారు. గట్టిగా అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని భయం. విజయవాడలో నా పేరు మీద ఫ్లాట్ ఉంది, అమ్మానాన్న అందులో ఉంటున్నారు. లోను వడ్డీ ఏడాదికి 2,10,000, అసలు 70,000. పీఎఫ్ 86,400, ఆరోగ్య బీమా 25,000 కడుతున్నాను. ఆఫీసువాళ్లు కొత్త విధానం కింద పన్ను కోసేశారు. సొంతిల్లు ఉంటే హెచ్‌ఆర్‌ఏ రాదని ఒకరు, 35,000కు రసీదులు రాయించుకుంటే అరవై వేలు మిగులుతుందని ఇంకొకరు చెబుతున్నారు. మావారేమో ఇదంతా వదిలేయమంటున్నారు. దీని మీద ఇంట్లో రోజూ వాదనే. ఏం చేయమంటారు?
— పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ఇంటాయనతో మాట్లాడే ముందు, మీవారితో వాదించే ముందు లెక్క ఒకసారి చివరిదాకా వేసి చూద్దాం. అంకెలన్నీ మీరే ఇచ్చారు కాబట్టి ఊహించాల్సింది ఏమీ లేదు. ఈ లెక్క 2025-26 ఆర్థిక సంవత్సరానిది, అంటే మార్చి 31తో ముగిసిన ఏడాదిది.

హెచ్‌ఆర్‌ఏ జీతంలో భాగమే కాబట్టి దాని మీదా పన్ను పడుతుంది. నిజంగా అద్దె కట్టినవాళ్లకు అందులో కొంత భాగాన్ని ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(13ఎ) వదిలేస్తుంది. ఎంత వదలాలో రూల్ 2ఎ చెబుతుంది. మూడు మొత్తాలు పక్కపక్కన రాసి, వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని తీసుకోవాలి. ఒకటి, కంపెనీ ఇచ్చిన హెచ్‌ఆర్‌ఏ. రెండు, మీరు కట్టిన అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేస్తే మిగిలేది. మూడు, జీతంలో 40 శాతం. ముంబై, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నైలలో ఇల్లయితే ఈ మూడోది 50 శాతం. ఈ ఏడాది లెక్కకు హైదరాబాద్ ఆ నాలుగింటిలో లేదు.

ఇక్కడ జీతం అంటే నెలనెలా చేతికొచ్చేది మొత్తం కాదు. బేసిక్, రిటైర్మెంటు ప్రయోజనాలకు లెక్కలోకి వచ్చే డీఏ, అమ్మకాల మీద ఇంత శాతమని ముందే ఖరారైన కమీషన్, ఇవే లెక్కలోకి వస్తాయి. మీ స్పెషల్ అలవెన్సు 40,000 ఇందులోకి రాదు. కాబట్టి మీకు జీతమంటే 60,000 బేసిక్ ఒక్కటే.

నెల లెక్కన చూస్తే మొదటి మొత్తం 30,000. రెండోది 26,000లోంచి 6,000 పోగా 20,000. మూడోది 24,000. వీటిలో చిన్నది 20,000, అదే మీ మినహాయింపు. మీ విషయంలో లెక్కను పట్టి ఉంచుతున్నది అద్దె. హైదరాబాద్‌కు 50 శాతం వర్తించినా మూడో మొత్తం 30,000 అవుతుందే తప్ప మీ మినహాయింపు 20,000 దాటదు. కంపెనీ హెచ్‌ఆర్‌ఏ పెంచినా అంతే.

మెయింటెనెన్స్ 2,500 అద్దెలో కలపకండి. ఇంట్లో ఉన్నందుకు ఇచ్చేదే అద్దె, లిఫ్టుకూ నీళ్లకూ వాచ్‌మన్‌కూ ఇచ్చేది కాదు. అద్దె ఒప్పందంలో రెండూ విడివిడిగా రాసి ఉంటే వాదించడానికి చోటే ఉండదు. ఇల్లు తీసుకునేటప్పుడు అడ్వాన్సు ఇచ్చి ఉంటే అదీ అద్దె కాదు. ఖాళీ చేసేటప్పుడు ఏదైనా నెల అద్దె కింద దాన్ని సర్దుబాటు చేసుకుంటే, అప్పుడే అది ఆ నెల అద్దె అవుతుంది.

చాలామంది తప్పు చేసేది ఏప్రిల్, మే నెలల దగ్గర. అద్దె మొత్తం 2,60,000 అని, ఏడాది బేసిక్ 7,20,000లో పదో వంతు 72,000 తీసేసి, మినహాయింపు 1,88,000 అని తేల్చేస్తారు. అది మీకు నష్టం చేసే లెక్క. అద్దింట్లో ఉన్న కాలానికి మాత్రమే మూడు మొత్తాలనూ పోల్చమని రూలు చెబుతోంది. అన్నయ్యవాళ్ల ఇంట్లో ఉన్న రెండు నెలలకు అద్దె లేదు, మినహాయింపూ లేదు. ఆ రెండు నెలల 60,000 హెచ్‌ఆర్‌ఏ మీద పూర్తిగా పన్ను పడుతుంది. కానీ ఆ నెలల జీతంలో పదో వంతును మిగతా పది నెలల అద్దెలోంచి తీసేయాల్సిన పని కూడా లేదు. నెలకు 20,000 చొప్పున పది నెలలకు 2,00,000 అవుతుంది. రెండు లెక్కలకూ తేడా 12,000. ఏడాది మధ్యలో అద్దె పెరిగినా, బేసిక్ మారినా, ఊరు మారినా ఇదే పద్ధతి. మారిన నెల దగ్గర గీత గీసి, ఆ ముక్కకు ఆ ముక్క విడిగా లెక్కేసి చివర్లో కూడాలి.

సొంతిల్లు ఉంటే హెచ్‌ఆర్‌ఏ రాదన్న మాట సగమే నిజం. ఉంటున్న ఇల్లు మీదే అయితే రాదు. మీ ఫ్లాట్ విజయవాడలో ఉంది, మీ ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇక్కడ మీరు అద్దె కడుతున్నారు. కాబట్టి మినహాయింపు వస్తుంది. పాత విధానంలో ఆ ఫ్లాట్ లోను వడ్డీని కూడా చూపించుకోవచ్చు. మీరు ఉండలేని ఇంట్లో అమ్మానాన్న అద్దె లేకుండా ఉంటున్నారు కాబట్టి అది సొంత నివాసం కిందికే వస్తుంది. అలాంటి ఇంటికి వడ్డీ పరిమితి 2,00,000, పైన ఉన్న 10,000 లెక్కలోకి రాదు. అసలు కట్టిన 70,000 సెక్షన్ 80సీ కిందికి వెళ్తుంది. ఫ్లాటూ లోనూ మీ ఒక్కరి పేరు మీదే ఉన్నాయనుకుని ఇలా చెబుతున్నాను. లోను ఇద్దరి పేరు మీద ఉంటే వడ్డీని వాటా ప్రకారం పంచాలి, అప్పుడు కింద వేసిన లెక్క మారిపోతుంది.

ఇక అసలు విషయం. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పాత విధానంలోనే ఉంది. కొత్త విధానంలో అద్దె ఎంత కట్టినా ఒక్క రూపాయి తగ్గదు. సొంత నివాసం లోను వడ్డీ, 80సీ, ఆరోగ్య బీమా, వృత్తి పన్ను, ఇవేవీ అక్కడ లేవు. ఆఫీసులో ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. మీకు జరిగింది అదే, కంపెనీవాళ్ల తప్పేమీ లేదు. అందుకని రెండు విధానాల్లో మొత్తం పన్ను ఎంతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క హెచ్‌ఆర్‌ఏను విడదీసి దాని మీద ఎంత మిగులుతుందని చూస్తే మోసపోతాం.

మీ ఏడాది జీతం 15,60,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 14,85,000 మిగులుతుంది. మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. తర్వాతి నాలుగు లక్షలకు 5 శాతం అంటే 20,000, ఆపై నాలుగు లక్షలకు 10 శాతం అంటే 40,000. మిగిలిన 2,85,000కు 15 శాతం, 42,750. మొత్తం 1,02,750, దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 1,06,860. ఆఫీసువాళ్లు కోసింది ఇదే అయి ఉండాలి, ఫారం 16లో సరిచూసుకోండి.

పాత విధానంలో తీసేయగలిగినవి ఇవి: స్టాండర్డ్ డిడక్షన్ 50,000, తెలంగాణ వృత్తి పన్ను 2,400, హెచ్‌ఆర్‌ఏ 2,00,000, లోను వడ్డీ 2,00,000, ఆరోగ్య బీమా 25,000. పీఎఫ్, లోను అసలు కలిపితే 1,56,400 అవుతున్నా 80సీ పరిమితి 1,50,000 దగ్గర ఆగుతుంది. అన్నీ కలిపి 6,27,400. మిగిలే ఆదాయం 9,32,600. మొదటి రెండున్నర లక్షలకు పన్ను లేదు, తర్వాతి రెండున్నర లక్షలకు 12,500, ఐదు లక్షలు దాటిన 4,32,600కు 20 శాతం చొప్పున 86,520. మొత్తం 99,020, సెస్సుతో 1,02,980.

తేడా 3,880 రూపాయలు. అరవై వేలు మిగులుతుందన్నవాళ్లు 2,00,000 మినహాయింపును 30 శాతం రేటుతో గుణించి చెప్పి ఉంటారు. పాత విధానంలోనే ఉన్న మనిషికి హెచ్‌ఆర్‌ఏ ఉంటే ఎంత, లేకపోతే ఎంత అన్నది వేరే ప్రశ్న. మీ ముందున్న ప్రశ్న అది కాదు. హెచ్‌ఆర్‌ఏ లేకుండా మీరు పాత విధానంలోకి వెళ్లరు, ఎందుకంటే అప్పుడు పన్ను 1,58,000 దాటుతుంది. హెచ్‌ఆర్‌ఏతో పాత విధానమా, ఏమీ లేకుండా కొత్త విధానమా అన్నదే మీరు తేల్చుకోవలసింది.

మీ జీతానికి పాత విధానం కొత్తదానితో సమానం కావాలంటే మినహాయింపులన్నీ కలిపి 6,08,750 ఉండాలి. మీకు అంతకంటే 18,650 మాత్రమే ఎక్కువ ఉంది. ఆ నగదుగా ఇచ్చిన జూన్ అద్దె ఇక్కడే పట్టుకుంటుంది. ఆ ఒక్క నెలకు రుజువు లేక 20,000 మినహాయింపు పోతే పాత విధానంలో మీ పన్ను కొత్తదానికంటే 281 రూపాయలు ఎక్కువవుతుంది. అంటే తొమ్మిది నెలల కాగితాలు పక్కాగా ఉండి ఒక్క నెలది లేకపోయినా లాభం మొత్తం పోయినట్టే. లోను వడ్డీ సర్టిఫికెట్‌లో 1,80,000 అని వచ్చినా అంతే. అందుకని రిటర్న్ వేసే ముందు బ్యాంకు నుంచి ఆ సర్టిఫికెట్ తెచ్చుకుని అసలెంతో వడ్డీ ఎంతో చూడండి. మీరు గుర్తుపెట్టుకున్న అంకె మీద ఆధారపడకండి.

35,000 రసీదుల సలహా గురించి కూడా లెక్కతోనే చెబుతాను. అద్దె 35,000 అని రాస్తే రెండో మొత్తం 29,000 అవుతుంది. కానీ మూడో మొత్తం 24,000 దగ్గరే ఆగుతుంది కాబట్టి మినహాయింపు 24,000. అంటే 30,000 దాటి రాసిన ప్రతి రూపాయీ వృథా. నెలకు 4,000 చొప్పున పది నెలలకు 40,000 అదనపు మినహాయింపు, దాని మీద తగ్గే పన్ను సెస్సుతో 8,320. బ్యాంకులో 26,000 వెళ్లినట్టు కనబడుతుంటే రసీదులో 35,000 ఉంటే అది పొరపాటు అనిపించుకోదు. తప్పుడు వివరాలతో ఆదాయం తగ్గించి చూపినట్టు తేలితే ఆ పన్నూ, దాని మీద వడ్డీ కాక, తగ్గిన పన్నుకు రెండింతలు, అంటే 16,640 జరిమానా పడుతుంది. అన్నయ్యకు రెండు నెలలు అద్దె ఇచ్చినట్టు ఇప్పుడు కాగితం రాయించుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. ముందుముందు నిజంగానే వాళ్లింట్లో ఉండి, నిజంగానే బ్యాంకు ద్వారా నెలనెలా అద్దె ఇచ్చి, ఆయన దాన్ని తన ఆదాయంలో చూపించుకుంటే అది తప్పు కాదు.

ఇంటాయన పాన్ సంగతి. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ ఇవ్వమని అడిగేది మీ ఆఫీసు, ఫారం 12బీబీలో. జీతంలోంచి పన్ను కోసేటప్పుడు మినహాయింపు ఇవ్వాలంటే వాళ్లకు అది కావాలి. ఈ ఏడాది ఆ దశ దాటిపోయింది. రిటర్న్‌లో మీరే నేరుగా చూపిస్తారు, రిటర్న్‌కు కాగితాలేవీ జత చేయరు. సెక్షన్ 10(13ఎ) అడిగేది మీరు ఆ ఇంట్లో ఉన్నారా, అద్దె నిజంగా కట్టారా అని. పాన్ లేనంత మాత్రాన కట్టిన అద్దె కట్టనిది అయిపోదు. అయితే ఆదాయపు పన్ను శాఖ వివరణ అడిగితే అప్పుడు రుజువు చూపించాల్సింది మీరే. అద్దె ఒప్పందం, తొమ్మిది నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంటాయన సంతకంతో రసీదులు దగ్గర ఉండాలి. జూన్ నెలకు నగదు ముట్టిందని తేదీతో ఆయన సంతకం చేసిన రసీదు తప్పకుండా కావాలి. ఆ రోజుల్లో ఏటీఎం నుంచి తీసిన మొత్తం స్టేట్‌మెంటులో ఉంటే దానికి బలం.

పాన్ అడిగితే ఆయన భయపడుతున్నది పన్ను గురించే అయి ఉండొచ్చు. అదే అయితే ఆయనకు ఈ లెక్క చెప్పి చూడండి. ఏడాది పొడవునా మీరిచ్చే అద్దె 3,12,000. ఇంటి ఆదాయంలో మరమ్మతులు చేయించినా చేయించకపోయినా 30 శాతం చట్టమే తీసేస్తుంది, మునిసిపల్ పన్ను కడితే అది కూడా పోతుంది. మునిసిపల్ పన్ను లెక్కలోకి తీసుకోకపోయినా మిగిలేది 2,18,400. ఆయనకు వేరే ఆదాయం లేకపోతే దీని మీద పన్నే లేదు. పెన్షనూ వడ్డీలూ కలిపి మొత్తం ఆదాయం పన్నెండు లక్షల లోపు ఉన్నా కొత్త విధానంలో రిబేటు వల్ల కట్టాల్సింది సున్నా. ఇన్నాళ్లూ అద్దె ఆదాయం చూపించకుండా ఉన్నవారికి ఈ మాట చెబితే కొంత ధైర్యం వస్తుంది. ఆయన ఆదాయం ఎక్కువైతే ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు బలవంతపెట్టకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. కొత్త విధానంలోనే రిటర్న్ వేస్తే కట్టాల్సిన పన్ను అంతా ఇప్పటికే కోసేశారు, కాబట్టి ఒక్క కాగితం కూడా ఎవరినీ అడగక్కర్లేదు. వదులుకునేది 3,880. మీవారు చెప్పింది ఈ ఏడాదికి తప్పు మాటేమీ కాదు. జూన్ రసీదు ఇంటాయన ఇవ్వకపోతే నేనూ ఇదే మేలంటాను.

రసీదు దొరికి, వడ్డీ సర్టిఫికెట్‌లో 2,00,000కు తక్కువ లేకపోతే పాత విధానంలో వేయవచ్చు. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగులు ఏ ఏటికా ఏడు విధానం ఎంచుకోవచ్చు, ఆఫీసులో కొత్త విధానంలో కోసినా రిటర్న్‌లో మార్చుకోవచ్చు. ఫారం మొదట్లో కొత్త విధానం నుంచి బయటికి వస్తున్నారా అని అడుగుతుంది, అక్కడ అవునని పెట్టాలి. అది పెట్టకుండా ముందుకు వెళ్తే హెచ్‌ఆర్‌ఏ గడి పనిచేయదు. జీతం వివరాల దగ్గర మినహాయింపు అలవెన్సుల్లో 10(13ఎ) ఎంచుకుని, పనిచేసే ఊరు, అందిన హెచ్‌ఆర్‌ఏ, కట్టిన అద్దె, బేసిక్ వేయాలి. ఇక్కడ జాగ్రత్త. ఏడాది మొత్తం బేసిక్ 7,20,000 వేస్తే పైన చెప్పిన 1,88,000 లెక్క వచ్చేస్తుంది, మీకు దక్కేది 1,383కి పడిపోతుంది. అద్దింట్లో ఉన్న పది నెలల అంకెలే వేయండి: బేసిక్ 6,00,000, హెచ్‌ఆర్‌ఏ 3,00,000, అద్దె 2,60,000. పది నెలల లెక్క ఒక కాగితం మీద వేసి దాచుకోండి, ఎవరైనా అడిగితే అదే మీ సమాధానం. ఇదంతా గడువు తేదీ లోపే, అంటే జులై 31లోగా జరగాలి. గడువు దాటి వేసే రిటర్న్‌లో పాత విధానం ఎంచుకునే వీలు ఉండదు.

వచ్చే ఏడాదికి మాత్రం పరిస్థితి వేరు. ఇవే రేట్లు, ఇదే జీతం, ఇదే అద్దె పన్నెండు నెలలూ ఉంటే మినహాయింపు 2,40,000 అవుతుంది. అప్పుడు పాత విధానంలో పన్ను సుమారు 94,660, కొత్తదానికంటే 12,200 తక్కువ. ఈసారి నెలనెలా బ్యాంకు నుంచే పంపండి. ఒప్పందంలో అద్దె, మెయింటెనెన్స్ విడిగా ఉండేలా చూడండి. ఇంటాయన పాన్ ఇస్తే ఆఫీసులో పాత విధానమని చెప్పి అద్దె వివరాల ఫారం ఇవ్వండి, కోత అప్పటి నుంచే తగ్గుతుంది. ఇవ్వకపోతే ఆఫీసు కోసింది కోయనిచ్చి రిటర్న్‌లో రిఫండ్ అడగండి. డబ్బు కొన్ని నెలలు ఆలస్యంగా వస్తుంది, ఇల్లు మాత్రం ఖాళీ చేయక్కర్లేదు.

ఒక్క విషయం మర్చిపోకండి. లోను పాతబడేకొద్దీ ఈఎంఐలో వడ్డీ వాటా తగ్గుతూ పోతుంది. ఏడాది వడ్డీ 2,00,000 కిందికి దిగిన ఏటి నుంచి పాత విధానం బలం తగ్గడం మొదలవుతుంది. పన్నెండు నెలల అద్దెతో మీకున్న వెసులుబాటు 58,650, కాబట్టి మిగతావేమీ మారకపోతే వడ్డీ 1,41,350కి వచ్చేసరికి రెండు విధానాలూ సమానమవుతాయి. జీతం పెరిగితే అది ఇంకా ముందే వస్తుంది. ఏటా ఏప్రిల్‌లో ఆఫీసువాళ్లు విధానం ఎంచుకోమన్నప్పుడు బ్యాంకు ఇచ్చే ఆ ఏడాది వడ్డీ అంచనా చేతిలో పెట్టుకుని ఈ లెక్క మళ్లీ వేయండి.